తేలని పద్దులే ముందు రాయండి

ప్రశ్న: నరసన్నపేటలో సిమెంటు, ప్లైవుడ్, రంగుల షాపు మాది. ఇరవై ఏళ్లుగా మా లెక్కలు చూసిన గుమస్తా గారు ఒంట్లో బాగోక విశాఖలో కూతురి ఇంటికి వెళ్లిపోయారు. శ్రీకాకుళంలో కొత్తగా ఒక ఆడిటర్ గారిని కుదుర్చుకున్నాం. ఆవిడ "2025-26 కాగితాలేమున్నాయో, మీకు తేలని విషయాలేమిటో ఒక ఉత్తరంలో రాసి పంపండి, రిటర్నులు వేద్దాం" అన్నారు. రాయడానికి కూర్చుంటే ఏది రాయాలో, ఏది వదలాలో తెలియట్లేదు. తేలనివన్నీ రాస్తే మనమే ఇరుక్కుంటామని మా బావమరిది అంటున్నాడు. ఎలా రాయమంటారు?

సమాధానం:

ముందు మీ బావమరిది మాట. మీరు రాయకుండా దాచేదాంట్లో చాలా భాగం, మీ పాన్ మీద జరిగినవన్నీ ఆదాయపు పన్ను వాళ్లు చేర్చి ఉంచే ఏఐఎస్ అనే పట్టికలో ఇప్పటికే ఉంటుంది. మీ జీఎస్టీ రిటర్నుల అమ్మకాలు, రంగుల కంపెనీ డీలరుకిచ్చిన బహుమతి మీద కోసిన టీడీఎస్, బ్యాంకు ఇచ్చిన వడ్డీ అన్నీ అక్కడికి చేరతాయి. ఆడిటర్ గారు మీ పాన్ మీద లాగిన్ అయిన మొదటి రోజే వాటిని చూస్తారు. వాటి వెనకాల కథ మాత్రం మీకే తెలుసు, ఉత్తరంలో రాయాల్సింది అది. పైగా చార్టర్డ్ అకౌంటెంట్ మీ సంగతులు మీ అనుమతి లేకుండా బయటపెడితే వాళ్ల వృత్తి చట్టం ప్రకారం తప్పవుతుంది. అయితే తెలిసి తెలిసి తప్పు లెక్కతో రిటర్ను వేయమంటే ఆవిడ వేయరు. వేయకూడదు కూడా. ఆ గీత ఎక్కడుందో ఇద్దరికీ తెలిసి ఉంటే మంచిది.

ఉత్తరం రాసేటప్పుడు ఒక్క పద్ధతి పట్టుకోండి. ప్రతి తేలని విషయానికీ తేదీ, మొత్తం, దానికున్న కాగితం, అప్పుడు మీరేం చేశారన్నది రాయండి. తీర్పు రాయకండి. "ఇది ఖర్చులో రాసేయొచ్చు కదా", "దీనికి పన్ను పడదనుకుంటా" లాంటివి వద్దు. అది తేల్చడానికే ఆవిడకు ఫీజు ఇస్తున్నారు. మీరు తీర్పు రాసేస్తే ఆ తీర్పుకు సరిపడే వివరాలే రాస్తారు, మిగిలినవి తెలియకుండానే జారిపోతాయి. ఇది చాలా మంది షాపువాళ్ల ఉత్తరాల్లో చూశాను.

కాగితాల కంటే ముందు తాళాలు. జీఎస్టీ పోర్టల్‌లో మీ షాపు పేరు మీద నమోదైన ఫోను నంబరు, ఈమెయిలు ఎవరివి? మన వైపు చిన్న షాపుల్లో సగానికి సగం అవి పాత గుమస్తావే ఉంటాయి. ఓటీపీ విశాఖకు పోతుంటే ఇక్కడ ఆవిడ ఏం చేయగలరు? పాస్‌వర్డు మీ చేతిలో ఉంటే లాగిన్ అయి నాన్-కోర్ సవరణలో మీ సొంత నంబరు, ఈమెయిలు పెట్టుకోవచ్చు. పాస్‌వర్డూ లేకపోతే గుమస్తా గారికి మర్యాదగా ఫోన్ చేసి, ఒక పూట ఆయన్ని ఫోను దగ్గర కూర్చోబెట్టి మార్పించుకోండి. ఆయనా దొరక్కపోతే మీ పరిధి జీఎస్టీ అధికారి దగ్గరికి గుర్తింపు కాగితాలు, షాపు కాగితాలు పట్టుకెళ్తే నంబరు మార్చి పాస్‌వర్డు మళ్లీ ఇప్పిస్తారు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఈ ఇబ్బంది తక్కువ, ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డు మార్చుకోవచ్చు. కొత్తగా పెట్టేది మీ నంబరే కావాలి, కొత్త ఆడిటర్ గారిది కాదు. నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డు మాత్రం ఎవరికీ రాయకండి, ఆవిడకు స్టేట్‌మెంటు చాలు.

ఇక కాగితాలు. అమ్మకం బిల్లులు, కొనుగోలు బిల్లులు, ఏడాది జీఎస్టీ రిటర్నులు, గత మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, అప్పుల స్టేట్‌మెంట్లు ఎవరైనా అడుగుతారు, మీరూ ఇస్తారు. నేను చెప్పాలనుకున్నది వాటి గురించి కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, సరుకు నిల్వ అనే రెండిటి దగ్గరే మన షాపుల లెక్క తప్పుతుంది.

బ్యాంకు అంటే షాపు కరెంట్ ఖాతా ఒక్కటే అనుకోకండి. కౌంటరు మీద అంటించిన యూపీఐ స్కానర్లలో ఒకటి మీ ఆవిడ సేవింగ్స్ ఖాతాకు ఉందా? చాలా షాపుల్లో ఉంటుంది. డబ్బు ఎవరి ఖాతాలో పడినా అమ్మకం షాపుదే, అందుకే ఆ ఖాతా స్టేట్‌మెంటూ పెట్టాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా ప్రతి ఖాతాదీ ఇస్తే, జమల పక్కన పెన్సిలుతో ఏది ఏమిటో రాసివ్వండి. మీలాంటి షాపు లెక్క ఒకటి చూపిస్తాను, అంకెలు నేను వేసుకున్నవి.

జీఎస్టీఆర్-3బి ప్రకారం ఏడాది అమ్మకం పన్ను కాకుండా 1,12,40,000 రూపాయలు, పన్నుతో కలిపి బిల్లుల మొత్తం 1,35,50,000. షాపు ఖాతాలో, ఇంటావిడ ఖాతాలో కలిపి జమలు 1,05,00,000. చూడగానే బిల్లుల కంటే బ్యాంకు తక్కువే కదా, అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది. ఇప్పుడు పెన్సిలు తియ్యండి. మీరే నగదు తీసుకెళ్లి కట్టినవి 31,40,000. సొంత సేవింగ్స్ ఖాతా నుంచి మార్చుకున్నవి 4,00,000. చీటీ పాడిన డబ్బు 2,00,000. ఇంటి పాత కారు అమ్మితే వచ్చింది 1,60,000. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 66,00,000. సరుకు కొన్నవాళ్లు ఫోన్‌పేలో, చెక్కులో, ఆర్టీజీఎస్‌లో నిజంగా వేసింది అదీ.

ఈ 66 లక్షలు ఎందుకు కావాలంటే, మీ గుమస్తా గారు ఇన్నేళ్లూ బహుశా 44ఏడీ కింద అంచనా లాభం చూపించి ఐటీఆర్-4 వేసి ఉంటారు. ఆ పద్ధతిలో బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకం మీద 6 శాతం, మిగిలిన దాని మీద 8 శాతం లాభంగా చూపాలి. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. గల్లాపెట్టెలోని నగదును బ్యాంకులో కట్టేస్తే అది డిజిటల్ అయిపోదు, కొన్నాయన నోట్లిచ్చాడు కాబట్టి దానికి 8 శాతమే. మరోవైపు మార్చిలో అరువిచ్చిన బిల్లుకు మే నెలలో చెక్కు వస్తే, రిటర్ను గడువు లోపల వచ్చింది కాబట్టి దానికి 6 శాతమే. అందుకని ఏప్రిల్ తర్వాతి స్టేట్‌మెంటు కూడా జత చేయండి.

మన ఉదాహరణలో 66 లక్షల నుంచి జీఎస్టీ తీసేస్తే దాదాపు 55 లక్షలు. దాని మీద 6 శాతం 3,30,000. మిగిలిన 57,40,000 మీద 8 శాతం 4,59,200. మొత్తం 7,89,200. అంతా 8 శాతమే వేసి ఉంటే 8,99,200 అయ్యేది. నిజం చెప్పాలంటే ఈ తేడా వల్ల మీరు కట్టే పన్ను మారకపోవచ్చు, ఎందుకంటే కొత్త పన్ను విధానంలో ఈ ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. అయినా పెన్సిలు పని చేయమంటున్నది ఇంకో కారణానికి. బిల్లుల మొత్తం 1,35,50,000లో 66 లక్షలు బ్యాంకులో పడ్డాయి. ఇంకా రావాల్సిన బాకీలు నిరుటి కంటే ఒక 11 లక్షలు పెరిగాయనుకుందాం. అంటే చేతికి నగదుగా వచ్చింది 58,50,000. అందులో 31,40,000 బ్యాంకులో కట్టారు. మిగిలిన 27 లక్షల చిల్లర లారీ కిరాయిలకు, కూలీలకు, ఇంటి ఖర్చులకు పోయిందని మీరు చిట్టాలో చూపగలిగితే లెక్క కూర్చుంది. అలాకాకుండా బ్యాంకు, నగదు, బాకీలు కలిపితే బిల్లుల మొత్తాన్ని దాటిపోతున్నాయంటే, బిల్లు కొట్టని అమ్మకం ఎక్కడో ఉందన్నమాట. అది ఉత్తరంలో మొదటి పేజీలో రాయాల్సిన విషయం. మనమే బయటపెట్టి పన్నూ, ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ కట్టుకుంటే ఒక రకం, నోటీసు వచ్చాక ఇంకో రకం.

44ఏడీ ఎప్పటి నుంచి వాడుతున్నారో కూడా తప్పక రాయండి. సిమెంటులో మార్జిన్ తక్కువ, నిజం లాభం 6 శాతం కూడా ఉండదు, ఈసారి అసలు లెక్కే చూపిద్దామని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. మన ఉదాహరణలో అమ్మకం కోటి దాటింది, నగదు వాటా 5 శాతానికి చాలా ఎక్కువ. కాబట్టి ఆ పద్ధతి వదిలి తక్కువ లాభం చూపితే పుస్తకాలు ఆడిట్ చేయించాలి. మధ్యలో వదిలితే తర్వాత అయిదేళ్లు మళ్లీ 44ఏడీలోకి రానివ్వరు. పన్నే పడని చోట ఆడిట్ ఫీజు పెట్టుకోవడమెందుకని నేనైతే అంటాను. తేల్చాల్సింది మీ పాత రిటర్నులు చూసిన ఆవిడే.

సరుకు నిల్వ. అంచనా లాభం చూపేవాళ్లకు నిల్వ లెక్క అక్కర్లేదని ఒక నమ్మకం ఉంది. ఐటీఆర్-4లో మార్చి 31 నాటి సరుకు, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన బాకీలు, చేతిలో నగదు అనే నాలుగు అంకెలు అడుగుతారు. మార్చి 31న లెక్కపెట్టలేదు కదా అని ఊహించి రాయకండి. ఎప్పుడు లెక్కపెడితే అప్పటి నుంచి వెనక్కి రావచ్చు. ఏప్రిల్ 12న గోదాములో కొన్న ధర ప్రకారం 16,40,000 సరుకుందనుకోండి. ఏప్రిల్ 1 నుంచి ఆ రోజు దాకా 3,10,000 సరుకు కొన్నారు, అది తీసేయాలి. ఆ రోజుల్లో అమ్మిన సరుకు కొన్న ధర 4,00,000, అది కలపాలి. మార్చి 31 నాటి నిల్వ 17,30,000 అవుతుంది. అన్నీ జీఎస్టీ కలపని కొన్న ధరలే వేయండి, కొన్నప్పుడు కట్టి, అమ్మకం పన్నులో తగ్గించుకోవడానికి క్రెడిట్ తీసుకున్న పన్నును సరుకు ధరలో మళ్లీ కలపకూడదు. లెక్కపెట్టిన కాగితం మీద తేదీ వేసి, లెక్కపెట్టిన కుర్రాడి సంతకం, మీ సంతకం పెట్టి జతచేయండి.

ఇప్పుడు ఉత్తరంలో తేలని విషయాల భాగం. మీవేమిటో మీరు రాయలేదు కాబట్టి, మన జిల్లాలో సిమెంటు షాపుకు ఈ ఏడాది తప్పకుండా వచ్చి ఉండేవి నాలుగు తీసుకుని, నేనైతే ఎలా రాసేవాణ్నో రాస్తున్నాను. అంకెలు మార్చుకోండి, వరస మార్చకండి. పెద్ద మొత్తం ముందు, చిన్నది తర్వాత అని కాకుండా గడువు దగ్గరున్నది ముందు పెట్టాను.

"ఆడిటర్ గారికి నమస్కారం. 2025-26 కాగితాల జాబితా వేరే పేజీలో ఉంది. మాకు తేలని విషయాలు ఇవి.

ఒకటి. జనవరి 17న బరంపురంలో ఒక టోకు వ్యాపారి దగ్గర ప్లైవుడ్ కొన్నాం. సరుకు ధర 1,10,000, ఐజీఎస్టీ 18 శాతం అంటే 19,800. మొత్తం నెఫ్ట్‌లో ఇచ్చేశాం. బిల్లు, ఈ-వే బిల్లు జత చేశాను. జనవరి నుంచి మార్చి దాకా జీఎస్టీఆర్-2బిలో ఈ బిల్లు కనపడలేదు. గుమస్తా గారు క్రెడిట్ తీసుకున్నారో లేదో మాకు తెలియదు. వ్యాపారికి ఫోన్ చేస్తే 'వేస్తాం' అంటున్నారు, రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు.

రెండు. సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. జలుమూరు వైపు ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన సెప్టెంబరు 10న 20,000 అడ్వాన్సు ఇచ్చారు. 24న 50 బస్తాలు పంపాం, అదే రోజు బిల్లు కొట్టాం. కంప్యూటర్లో రేటు మార్చలేదు, బిల్లు మీద 28 శాతమే పడింది. సరుకు ధర 14,000, వసూలు చేసిన పన్ను 3,920. రిటర్నులో ఎంత చూపారో తెలియదు. ఆయనకు డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఆ వారంలో ఇలాంటి బిల్లులు ఇంకా ఉండొచ్చు, 22 నుంచి 30 దాకా బిల్లు పుస్తకం విడిగా పెట్టాను.

మూడు. అక్టోబరు వానలకు గోదాములో నీరు చేరి 40 బస్తాలు తడిశాయి. అవి సెప్టెంబరు 10న 28 శాతం పన్నుతో కొన్నవి, బస్తా ధర పన్ను కాక 270. పదిహేను బస్తాలు గచ్చు వేసుకునేవాళ్లకు సగం ధరకు బిల్లు మీద అమ్మాం. ఇరవై అయిదు పారబోశాం. ఫోటోలున్నాయి. ఇన్సూరెన్సు లేదు. క్రెడిట్ వెనక్కి ఇచ్చామో లేదో తెలియదు.

నాలుగు. డిసెంబరులో కంపెనీకి కట్టాల్సిన డబ్బు తక్కువై మా బావమరిది దగ్గర 1,50,000 చేబదులు నగదుగా తీసుకున్నాం. వడ్డీ లేదు, నోటు రాయలేదు. ఇంకా తిరిగి ఇవ్వలేదు."

చూశారా, ఎక్కడా వాదన లేదు. ఇప్పుడు ఆవిడ వీటిని ఎలా చూస్తారో మీకు తెలియడానికి రాస్తాను, అప్పుడు ఆ వివరాలన్నీ ఎందుకు పెట్టానో అర్థమవుతుంది.

బరంపురం బిల్లు ముందు పెట్టడానికి కారణం దాని గడువు. 2025-26 బిల్లుల మీద క్రెడిట్ తీసుకోవడానికి ఆఖరి తేదీ 2026 నవంబరు 30, వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే ఆ రోజే. అమ్మినాయన తన జీఎస్టీఆర్-1లో మీ జీఎస్టీ నంబరుతో ఆ బిల్లు చూపితేనే అది మీ 2బిలోకి వస్తుంది. 2బిలో లేని బిల్లుకు, మీరు పూర్తిగా డబ్బు కట్టినా, క్రెడిట్ రాదు. "వేస్తాం" అనే మాటకు నవంబరు దాకా కాలం గడిచిపోవడం మామూలే. ఇప్పుడే బిల్లు నంబరు, తేదీ రాసి ఆయనకు మెయిలు పెట్టి, కాపీ ఆడిటర్ గారికి పంపండి. పాత గుమస్తా గారు 2బిలో లేకుండానే క్రెడిట్ తీసేసి ఉంటే కథ వేరు. అప్పుడు ముందు దాన్ని వెనక్కి ఇవ్వాలి, వాడేసుకుని ఉంటే వడ్డీ కూడా పడుతుంది. "తీసుకున్నారో లేదో తెలియదు" అన్న ఒక్క వాక్యం అందుకే అవసరం.

రెండో దాంట్లో మూడు తేదీలున్నాయి. రేటు మారినప్పుడు ఏ రేటు పడుతుందో చూడ్డానికి సరుకు పంపిన తేదీ, బిల్లు తేదీ, డబ్బు అందిన తేదీ కావాలి. ఇక్కడ డబ్బు ముందు అందినా, సరుకూ బిల్లూ రెండూ 22 తర్వాతే కాబట్టి 18 శాతమే పడాలి, అంటే 2,520. ఎక్కువ వసూలైంది 1,400. ఆ 1,400 మీ గల్లాపెట్టెలో ఉండటానికి వీల్లేదు. పన్ను పేరుతో వసూలు చేసింది ఎంతైనా ప్రభుత్వానికి కట్టాల్సిందే. కాకపోతే కొన్నాయనకు క్రెడిట్ నోటు ఇచ్చి డబ్బు తిరిగిచ్చి, రిటర్నులో సరిచేసుకోవాలి. ఆ క్రెడిట్ నోటు చూపడానికీ గడువు నవంబరు 30నే. ఏ దారో రిటర్నులో ఎంత చూపారన్నదాని మీద ఉంటుంది. ఇంకొకటి, ఆ రోజుల్లో షాపుల్లో బాగా నడిచిన భయం, "28 కట్టి కొన్నాం, 18కి అమ్మాం, పదిశాతం పోయింది" అని. పోలేదు. 28 మీద తీసుకున్న క్రెడిట్ మీ లెడ్జరులో అలాగే ఉంది, రంగుల మీదో ప్లైవుడ్ మీదో కట్టాల్సిన పన్నుకు వాడుకోవచ్చు. నగదు రీఫండుగా మాత్రం ఇవ్వరు.

తడిసిన బస్తాల్లో అమ్మినవీ పారబోసినవీ విడిగా రాయడం ముఖ్యం. సగం ధరకైనా అమ్మితే అది అమ్మకమే, దాని మీద పన్ను కడతారు, క్రెడిట్ మీదే. పారబోసిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ మాత్రం వెనక్కి ఇచ్చేయాలి. 25 బస్తాలు, 270 చొప్పున 6,750, దాని మీద 28 శాతం అంటే 1,890 రూపాయలు. బస్తాలు పారబోసింది అక్టోబరులో కదా, అప్పటి రేటు 18 కదా అంటే కుదరదు. తీసుకున్నదెంతో అంతే ఇవ్వాలి, అందుకే కొన్న తేదీ రాయాలి. ఆదాయపు పన్నులో అంచనా లాభం చూపుతుంటే ఈ నష్టాన్ని వేరే ఖర్చుగా తీసుకోవడం ఉండదు, 6, 8 శాతాల్లోనే అన్నీ వచ్చేసినట్టు లెక్క. సరుకు నిల్వలో ఆ 25 బస్తాలు ఇంకా ఉన్నట్టు రాసేయకండి.

ఇక చేబదులు. మీ బావమరిది రాయొద్దన్నది బహుశా దీని గురించే అయ్యుండాలి. 20,000 లేక అంతకు మించి అప్పు నగదుగా తీసుకోకూడదు. ఆ 269ఎస్ఎస్ నిబంధన మీరితే తీసుకున్నవారి మీద, ఆ అప్పు ఎంతో అంత పెనాల్టీ వేసే అధికారం ఆదాయపు పన్ను వాళ్లకుంది. బావమరిది అయినా ఆ నిబంధన వర్తించదని ఎక్కడా లేదు. సహేతుకమైన కారణం చూపగలిగితే పెనాల్టీ తప్పే దారి కూడా చట్టంలోనే ఉంది. చెక్కు గడువు మించుతోంది, ఆ రోజు బ్యాంకు సెలవు అన్నట్టు నిజంగా జరిగిందేదైనా ఉంటే తేదీతో ఆవిడకు చెప్పండి. లేనిది కల్పించొద్దు. ఇక్కడ రెండు పనులు మాత్రం అస్సలు చేయకండి. ఆ లక్షన్నరను నగదు అమ్మకాల్లో కలిపేయడం ఒకటి. లేని అమ్మకం పుట్టి, దానికి జీఎస్టీ ఏదని మళ్లీ ప్రశ్న వస్తుంది. నగదుగానే తిరిగిచ్చేయడం రెండోది. తిరిగి ఇవ్వడానికీ అదే 20,000 పరిమితి, దాన్ని మీరితే విడిగా పెనాల్టీ. తిరిగి ఇచ్చేది ఎప్పుడైనా బ్యాంకు ద్వారానే ఇవ్వండి, ఆవిడతో మాట్లాడాకే ఇవ్వండి. బావమరిది గారికీ ఒక మాట చెప్పండి, ఆయన దగ్గర లక్షన్నర నగదు ఎక్కడిదో చూపించాల్సిన అవసరం ఆయనకూ రావచ్చు.

రంగుల కంపెనీ స్కీము కింద బంగారు నాణెమో, టూరో వచ్చి ఉంటే, ఏడాదిలో దాని విలువ 20,000 దాటితే 194ఆర్ కింద 10 శాతం టీడీఎస్ కట్టి ఉంటారు. అది మీ పాన్ మీద కట్టిన టీడీఎస్ చూపే 26ఏఎస్‌లో కనిపిస్తుంది. అదేమిటో, ఎప్పుడు వచ్చిందో, నాణెం ఇంట్లో ఉందా అమ్మేశారా అన్నది అయిదో విషయంగా కలపండి. జనవరి-మార్చి టీడీఎస్ రిటర్నులు మే 31 దాకా వేస్తారు కాబట్టి 26ఏఎస్‌ను జూన్ రెండో వారం తర్వాత తీసుకుంటేనే అంతా కనిపిస్తుంది. ముందే తీసి పంపితే ఆవిడ మళ్లీ తీయాల్సి వస్తుంది.

ఉత్తరం రెండు కాపీలు తీయండి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండో దాని మీద కాగితాలు అందినట్టు ఆఫీసు సంతకం తీసుకోండి. అసలు బిల్లులు ఇవ్వాల్సి వస్తే ఎన్ని ఫైళ్లు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది అందులోనే ఉండాలి. ఆవిడ ఒక్కో ప్రశ్నకు ఇచ్చిన సమాధానం ఫోన్లో చెప్పినా సరే, మీ కాపీలో ఆ ప్రశ్న కిందే తేదీ వేసి రాసుకోండి. నవంబరు వచ్చేసరికి బరంపురం ఆయన బిల్లు 2బిలోకి వచ్చిందో లేదో చూసుకోవడానికి మీకు అదే కావాలి.